అమ్మ మాట ముందు, బొమ్మ తర్వాత: ఫోన్‌లో మొదటి వీడియో ఎడిట్ చేసేవారికి

ప్రశ్న: అమ్మ గోంగూర పచ్చడి చేస్తుంటే ఫోన్‌లో తీశాను. 14 క్లిప్పులు, మొత్తం 11 నిమిషాలు. కొన్ని మా చెల్లి తన ఫోన్‌లో తీసి వాట్సాప్‌లో పంపింది. రీల్ లాగా నిమిషంన్నర లోపు చేయాలి. అమ్మ మాట సరిగా వినపడట్లేదు, మ్యూజిక్ పెడితే అసలే వినపడట్లేదు. తెలుగు క్యాప్షన్ పెడితే ఒత్తులు విడిపోతున్నాయి. ఎక్స్‌పోర్ట్ చేశాక మసగ్గా వస్తోంది. నాలుగు రోజులుగా ఇదే టెన్షన్. లాప్‌టాప్ లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు:

ముందు మీ చెల్లికి ఫోన్ చేసి, ఆ క్లిప్పులను మళ్లీ తెప్పించుకోండి. ఈసారి వాట్సాప్‌లో మామూలు వీడియోగా వద్దు. పక్కనే ఉంటే క్విక్ షేర్‌తో పంపమనండి, దూరంగా ఉంటే వాట్సాప్‌లోనే డాక్యుమెంట్‌గా పంపమనండి. వీడియోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించి పంపుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైల్ ఉన్నది ఉన్నట్టు వస్తుంది. మీ మసకలో సగం అక్కడిదే అయి ఉంటుంది. ఒకసారి కుదించిన క్లిప్పును మీరు ఎంత మంచి సెట్టింగుతో ఎక్స్‌పోర్ట్ చేసినా, పోయిన వివరం తిరిగి రాదు.

అన్ని క్లిప్పులూ గ్యాలరీలో ఒకే ఆల్బమ్‌లో పెట్టుకోండి. పని పూర్తయ్యేదాకా వాటిలో ఒక్కటీ తీసేయకండి, పేరు మార్చకండి. ఫోన్‌లోని ఎడిటింగ్ యాప్‌లు చాలావరకు మీ క్లిప్పును తమలోకి తెచ్చుకోవు. అది గ్యాలరీలో ఎక్కడుందో మాత్రమే గుర్తు పెట్టుకుంటాయి. నా మొదటి ఏడాదిలో ఒక సీమంతం వీడియో సగం చేశాక ఫోన్ నిండిపోయిందని గ్యాలరీ ఖాళీ చేశాను. మర్నాడు ప్రాజెక్ట్ తెరిస్తే వరుసగా నల్ల డబ్బాలు. వాళ్లకు ఏం చెప్పానో ఇక్కడ రాయను.

ఇక అసలు సంగతికి వద్దాం. మీరు బహుశా బాగున్న దృశ్యాలు ఏరి, వరుసగా పేర్చి, చివర్లో మాట, మ్యూజిక్ సరిచేద్దామనుకున్నారు. కొత్తవాళ్లందరం అలాగే చేస్తాం. మాట ఉన్న వీడియోకి అది తిరగేసిన పని. బొమ్మను ఎక్కడ కోసినా దాని మీద ఇంకో బొమ్మ వేసి కప్పేయొచ్చు. వాక్యాన్ని మధ్యలో కోస్తే కప్పడానికి ఏమీ ఉండదు. కాబట్టి మొదట అమ్మగారి మాటలే పెట్టండి. బొమ్మ ఎలా ఉన్నా పట్టించుకోకండి.

అంటే, 14 క్లిప్పులూ టైమ్‌లైన్ మీద వేసి, కళ్లు పక్కకు తిప్పి చెవులతో వినండి. అమ్మగారు మాట్లాడిన చోటల్లా ముందూ వెనకా స్ప్లిట్ కొట్టండి. మాట లేని ముక్కలను ఇప్పుడే చెరిపేయకుండా టైమ్‌లైన్ చివరికి తోసేయండి. మాటల్లో పచ్చడి చేయడానికి నిజంగా అవసరమైన వాక్యాలు ఎన్ని? గోంగూర పచ్చడికి నా లెక్కలో ఎనిమిది, తొమ్మిది చాలు. ఆకు కడిగి ఆరబెట్టడం. ఎండుమిర్చి, మెంతులు, ధనియాలు, జీలకర్ర వేయించడం. ఆకు మగ్గించడం. ఎప్పుడు దించాలో చెప్పే గుర్తు. రోట్లో ఏది ముందు, ఏది తర్వాత. ఉప్పు, వెల్లుల్లి. చివర పోపు. ఇవి సుమారు 50 సెకన్లు వస్తాయి. ఇంకో 25 సెకన్లు మాట లేకుండా శబ్దాలకే వదలండి. నూనెలో మిరపకాయలు చిటపటలాడటం, రోకలి దెబ్బ, పోపు పచ్చడి మీద పడ్డప్పుడు చుయ్యిమనడం. మొత్తం 75 సెకన్లు. మీ నిమిషంన్నరలో ఇంకా పావు నిమిషం మిగిలింది. దాన్ని నింపాలని చూడకండి.

కోసేటప్పుడు తెలుగులో ఒక ఇబ్బంది ఉంది. మన వాక్యం క్రియతో ముగుస్తుంది, ఆ క్రియ చివర అచ్చు నెమ్మదిగా జారిపోతుంది. అమ్మగారు 'ఆరబెట్టాలి' అంటే 'బెట్టా' దగ్గర గొంతు గట్టిగా ఉంటుంది, 'లి' దాదాపు ఊపిరిలో కలిసిపోతుంది. టైమ్‌లైన్‌లో శబ్దపు గీత చూస్తే అక్కడికి మాట అయిపోయినట్టే కనిపిస్తుంది. గీత చూసి కోస్తే 'ఆరబెట్టా' అని వినిపిస్తుంది. ఎవరికీ తప్పు ఎక్కడుందో తెలియదు కానీ అమ్మగారు తొందరపడి మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది. గీత పడుకున్న చోటి నుంచి ఇంకో ఆరేడు ఫ్రేములు వదిలి కోయండి. 30 ఫ్రేముల వీడియోలో అది సెకనులో ఐదో వంతు. వాక్యం మొదట్లో మాత్రం రెండు మూడు ఫ్రేములు చాలు. టైమ్‌లైన్‌ను రెండు వేళ్లతో బాగా పెద్దది చేసుకుంటే ఫ్రేము ఫ్రేముకీ జరపొచ్చు.

మాటల వరుస తయారయ్యాక దాన్ని ఒకసారి రేడియో విన్నట్టు వినండి. పచ్చడి ఎలా చేయాలో వినడంతోనే అర్థమైతే వెన్నుపూస కుదిరినట్టే. ఇప్పుడు బొమ్మ. ప్రతి వాక్యం మీదా అది చెప్పే పని కనిపించాలి. అమ్మగారు 'ఆకు రంగు మారి ముద్దయ్యాక దించాలి' అంటుంటే ఆమె ముఖం కాదు, మూకుడులో ఆకు కనబడాలి. చివరికి తోసిన ముక్కల్లోంచి ఆ దృశ్యం తెచ్చి పై లేయర్‌లో, ఆ మాట మీద వేయండి. యాప్‌ను బట్టి దాన్ని ఓవర్లే అనో, పిప్ అనో అంటారు. పైన వేసిన దాని శబ్దాన్ని సున్నా చేయండి, లేకపోతే రెండు వంటిళ్లు ఒకేసారి మోగుతాయి.

పనిని మొదటి నుంచి చివరిదాకా చూపించాలనుకోకండి. కలపడం చూపించాలంటే, గరిటె ఇప్పటికే తిరుగుతున్న చోట మొదలుపెట్టి, తిరుగుతుండగానే వదలండి. చెయ్యి గరిటె కోసం వెళ్లడం, తీసుకోవడం, మళ్లీ పెట్టేయడం మీ 11 నిమిషాల్లో చాలా సమయం తినేసి ఉంటాయి. ఒక దృశ్యం నుంచి ఇంకో దానికి వెళ్లేటప్పుడు యాప్ చూపించే తిరుగుళ్లు, మెరుపులు అక్కర్లేదు. పెళ్లి ఆల్బమ్ వీడియోల కాలం నుంచి వాటితో నాకు పడదు, అది నా పిచ్చి అనుకోండి. కానీ 75 సెకన్ల వీడియోలో అవి మాటల మధ్య గ్యాప్‌ను తినేస్తాయి, అది మాత్రం నిజం.

ఇప్పుడు వినపడకపోవడం గురించి, ఎందుకంటే మీ వీడియో నిలిచేదీ పడిపోయేదీ ఇక్కడే.

మీరు ఫోన్‌ను స్టాండ్‌కి పెట్టి రెండు మీటర్ల దూరం నుంచి తీసి ఉంటారు. పక్కన ఎగ్జాస్ట్ ఫ్యాన్, స్టవ్ చప్పుడు. వాల్యూమ్ 100 నుంచి 200కి పెంచితే చాలా యాప్‌లలో శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది. కానీ ఫ్యాన్ కూడా అంతే పెరుగుతుంది. మాటకీ ఫ్యాన్‌కీ మధ్య తేడా మాత్రం మారదు. నాయిస్ రిడక్షన్ నొక్కితే ఫ్యాన్ తగ్గుతుంది, దాంతోపాటు మాట నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది. పోపు చిటపటలు కూడా ఫ్యాన్ చప్పుడే అనుకుని అది తుడిచేస్తుంది. అందుకని దాన్ని వాడితే మాట ఉన్న ముక్కల మీదే, కొద్దిగానే వాడండి.

దీనికి నాకు తెలిసిన మంచి మందు మళ్లీ చెప్పించడమే. నోటికీ మైకుకీ దూరం సగమైతే మాట 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గదిలోని చప్పుడు మాత్రం పెరగదు. రెండు మీటర్ల నుంచి మీటరు, అక్కడి నుంచి అరమీటరు, అక్కడి నుంచి పావు మీటరు. మూడు సార్లు సగం చేశాం, 18 డెసిబెల్స్ లాభం. ఏ యాప్ బటనూ ఇంత ఇవ్వలేదు. అమ్మగారిని పరుపు, కర్టెన్లు ఉన్న పడకగదిలో కూర్చోబెట్టి, ఫ్యాన్ ఆపి, ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో కొంచెం పక్కగా పట్టుకోండి. సూటిగా ఎదురుగా పెడితే 'ప', 'బ' అన్నప్పుడు గాలి కొట్టి డప్పు మోగినట్టు అవుతుంది. వాయిస్ రికార్డర్ తెరిచి ఆ తొమ్మిది వాక్యాలూ చెప్పించండి. చదివించకండి. 'అమ్మా, ఆకు ఎప్పుడు దించాలి?' అని మీరు అడగండి, ఆమె మీకే చెబుతున్నట్టు చెబుతారు.

ముఖం కనబడే చోట పెదాలు కలవవు కాబట్టి, అక్కడ వంటింట్లో తీసిన అసలు మాటే ఉంచండి. మిగతా అన్నింటి మీదా ఈ కొత్త మాట. ఒక్క జాగ్రత్త: పడకగది మాట కింద వంటిల్లు పూర్తిగా నిశ్శబ్దమైతే అతికించినట్టు తెలిసిపోతుంది. మీ క్లిప్పుల్లో ఎవరూ మాట్లాడని పది సెకన్ల వంటింటి చప్పుడు వెతికి, దాన్ని కాపీ చేసుకుంటూ వీడియో పొడవునా కింద సన్నగా పరచండి. 15 శాతం దగ్గర మొదలుపెట్టి చూడండి. అది ఉందని ఎవరూ గమనించరు, తీసేస్తే మాత్రం ఏదో తేడా కొడుతుంది.

తర్వాత మట్టాలు సరిచేయాలి. మొదట మాట. శబ్దపు మట్టం చూపించే మీటర్ ఉన్న యాప్ అయితే గట్టిగా పలికిన చోట మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆడనివ్వండి, సున్నాను తాకనివ్వకండి. మీటర్ లేకపోతే శబ్దపు గీత చూడండి. కొనలు కొండల్లా ఉంటే మంచిదే. పైభాగం కత్తితో కోసినట్టు చదునుగా ఉంటే అక్కడ శబ్దం పగిలింది. రికార్డు చేసినప్పుడే పగిలి ఉంటే వాల్యూమ్ తగ్గించినా ఆ గరగర పోదు. రోకలి దెబ్బల దగ్గర ఇది చూస్తారు. అవి పగలకపోయినా 35, 40 శాతానికి దించండి. లేకపోతే మొదటి దెబ్బకే చూసేవాళ్లు ఫోన్ సౌండ్ తగ్గించేస్తారు, ఆ తర్వాత వచ్చే అమ్మగారి మాట మళ్లీ వినపడదు. కొంతమందికి 'మాట చిన్నగా ఉంది' అనిపించడానికి అసలు కారణం మాట కాదు, దాని ముందు వచ్చిన పెద్ద చప్పుడు.

చివరికి మ్యూజిక్. ఇది మాట కంటే 15 నుంచి 20 డెసిబెల్స్ కింద ఉండాలి. శాతాల్లో చెప్పాలంటే, 50 శాతం అంటే 6 డెసిబెల్స్ మాత్రమే తగ్గినట్టు, 10 శాతం అంటే 20 తగ్గినట్టు. స్లైడర్‌ను సగానికి దించి 'బాగా తగ్గించాను' అనుకోవడమే అందరూ చేసే పొరపాటు. మాట ఉన్నచోట 10, 12 శాతంతో మొదలుపెట్టండి. మాట లేని శబ్దాల దగ్గర 25, 30కి ఎత్తొచ్చు. ఎత్తేటప్పుడూ దించేటప్పుడూ అరసెకను వాలు ఉండాలి. యాప్‌లో వాల్యూమ్ కీఫ్రేములు, అంటే ఏ చోట ఎంత వాల్యూమ్ ఉండాలో పెట్టుకునే గుర్తులు, ఉంటే వాటితో, లేకపోతే మ్యూజిక్‌ను ముక్కలు చేసి ఫేడ్‌లతో. పాడే గొంతు ఉన్న పాట అసలు వద్దు. రెండు గొంతులు ఒకదాన్నొకటి తొక్కుతాయి, సినిమా పాటైతే హక్కుల గొడవ కూడా వస్తుంది. ఒక్క మాట: పోపు శబ్దం బాగా వచ్చి ఉంటే, మీ వీడియోకి మ్యూజిక్ అవసరమే లేదని నాకనిపిస్తోంది.

వినేటప్పుడు బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌తో ఎడిట్ చేయకండి. వాటిలో శబ్దం కొంచెం ఆలస్యంగా చేరుతుంది. పెదాలు కలవట్లేదని మీరు సరిచేస్తారు, బయట అందరికీ చెడిపోయి కనిపిస్తుంది. వైరు ఇయర్‌ఫోన్స్ వాడండి. అంతా అయ్యాక వాటిని తీసేసి, ఫోన్‌ను టేబుల్ మీద పెట్టి, సౌండ్ సగం కంటే తక్కువ చేసి, బొమ్మ చూడకుండా ఒకసారి వినండి. తొమ్మిది వాక్యాల్లో ఏ ఒక్క మాట దొరక్కపోయినా మ్యూజిక్‌నే తగ్గించండి, మాటను పెంచకండి. ఎక్కువ శబ్దంతో వచ్చిన వీడియోను యూట్యూబ్ తానే తగ్గిస్తుంది, చిన్నగా వచ్చినదాన్ని మాత్రం పెంచదు.

ఇక ఒత్తులు. 'వెల్లుల్లి', 'లక్ష్మి', 'స్త్రీ' అని మూడు మాటలు క్యాప్షన్‌లో టైప్ చేసి చూడండి. ఒత్తు కిందికి వెళ్లకుండా పక్కన పొల్లుతో నిలబడితే, లేదా డబ్బాలు వస్తే, ఆ ఫాంట్‌లో తెలుగు లేనట్టు, లేదా ఆ యాప్‌కి తెలుగు అక్షరాలను కలిపి రాయడం రానట్టు. ముందు ఫాంట్ మార్చి చూడండి. గూగుల్ ఫాంట్స్‌లో నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర ఉచితంగా దొరుకుతాయి. .ttf ఫైల్ దించుకుని యాప్‌లోకి ఇంపోర్ట్ చేయండి. ఫ్లెక్సీ షాపులో తెలిసినవాళ్లుంటే అను ఫాంట్లు ఇస్తామంటారు, అవి ఇక్కడ పనిచేయవు. అవి యూనికోడ్ కావు, ఫోన్ కీబోర్డ్‌తో కొట్టిన తెలుగును గుర్తుపట్టవు. ఫాంట్ మార్చినా ఒత్తులు విడిపోతుంటే తప్పు యాప్‌ది. అప్పుడు యాప్ మార్చడం తేలిక. అదీ కుదరకపోతే, తెలుగు సరిగా చూపించే వేరే యాప్‌లో క్యాప్షన్‌ను వెనక రంగు లేని PNG బొమ్మగా చేసుకుని వీడియో మీద వేసుకోవచ్చు. తొమ్మిది వాక్యాలకి అదేమంత పని కాదు.

ఒత్తులు బాగున్నాక కూడా కొన్ని అలంకారాలు వాటిని మళ్లీ పాడుచేస్తాయి. ఒక్కో అక్షరం టైపవుతున్నట్టు వచ్చే యానిమేషన్ పెడితే 'క్ష' ముందు 'క'గా వచ్చి, తర్వాత పొల్లయి, తర్వాత 'క్ష' అవుతుంది. అక్షరాల మధ్య దూరం పెంచినా ఇలాంటి తంటాయే. అక్షరం చుట్టూ మందపాటి అంచు పెడితే ఒత్తూ అసలు అక్షరమూ అతుక్కుని ముద్దవుతాయి. నేను తెల్ల అక్షరాల వెనక సగం పారదర్శకంగా ఉన్న నల్ల పట్టీ వేస్తాను. ఆ పట్టీ కింద కాస్త ఎక్కువ చోటు ఉండేలా చూసుకోండి. యాప్‌లు ఇంగ్లిష్ అక్షరాల ఎత్తు చూసి పట్టీ వేస్తాయి, మన ఒత్తులు కింద తెగిపోతాయి.

తెరమీద ఒకసారి రెండు వరుసలకు మించి వద్దు. వరుస ఎక్కడ విరగాలో యాప్‌కి వదిలేయకండి. అది ఇలా విరుస్తుంది:

గోంగూర కడిగి నీళ్లు
లేకుండా ఆరబెట్టాలి

మొదటి వరుస చదివినవాళ్లకి నీళ్లతో ఏదో చేయాలేమో అనిపిస్తుంది. మీరు ఎంటర్ కొట్టి ఇలా విరవండి:

గోంగూర కడిగి
నీళ్లు లేకుండా ఆరబెట్టాలి

ఎంత చిన్న వాక్యమైనా తెరమీద సెకనున్నరైనా ఉండాలి. ఆటో క్యాప్షన్ వాడితే ప్రతి మాటా సరిచూడండి, ముఖ్యంగా దినుసుల పేర్లు. మీ ఇంట్లో తాలింపు అంటే క్యాప్షన్‌లో కూడా తాలింపే ఉండాలి. నేను పైన పోపు అన్నానని దాన్ని మార్చకండి. చోటు విషయానికొస్తే, తెర కింది ఐదో వంతూ కుడివైపు అంచూ ఖాళీగా వదలండి. రీల్స్‌లో, షార్ట్స్‌లో మీ పేరు, వివరం, లైక్ గుర్తులు అక్కడే కూర్చుంటాయి.

ఎక్స్‌పోర్ట్ దగ్గర ఆలోచించాల్సింది తక్కువ. ప్రాజెక్ట్ 9:16, కొలత 1080×1920, ఫ్రేములు మీరు తీసినన్నే. ఎక్కువ ఫోన్లు మామూలుగా 30తో తీస్తాయి. 30తో తీసినదాన్ని 60తో ఎక్స్‌పోర్ట్ చేస్తే ఫైల్ పెరుగుతుంది తప్ప కదలిక మెరుగుపడదు. 4K కూడా అంతే. కోడెక్ అడిగితే H.264 ఎంచుకోండి, పాత ఫోన్లలో కూడా తెరుచుకుంటుంది. బిట్‌రేట్, అంటే ఒక్కో సెకనుకి వాడే డేటా, 10 ఎంబీపీఎస్ పెట్టండి. 1080p, 30 ఫ్రేములకు యూట్యూబ్ సూచించేది 8, కొంచెం ఎక్కువిస్తే వాళ్లు మళ్లీ కుదించినప్పుడు నష్టం తక్కువ. 75 సెకన్లకు 10 చొప్పున 750 మెగాబిట్లు, ఎనిమిదితో భాగిస్తే 94 ఎంబీ దగ్గర ఫైల్ రావాలి. మీకు 12 ఎంబీ వచ్చిందంటే యాప్ చెప్పకుండా తక్కువ సెట్టింగు తీసుకుంది, వెనక్కి వెళ్లి చూడండి.

ఇంకా మసగ్గా ఉంటే కారణం ఎక్కడుందో ఇలా పట్టుకోవచ్చు. ఎక్స్‌పోర్ట్ అయిన ఫైల్‌ను గ్యాలరీలో తెరిచి, కదలిక లేని చోట ఆపి చూడండి. అక్కడ స్పష్టంగా ఉండి ఇన్‌స్టాగ్రామ్‌లో మసగ్గా ఉంటే తప్పు అప్‌లోడ్‌ది. ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగుల్లో మీడియా క్వాలిటీ దగ్గర ఎక్కువ నాణ్యతతో అప్‌లోడ్ చేయమనే బటన్ ఉంటుంది, అది ఆన్ చేసి మళ్లీ పెట్టండి. గ్యాలరీలోనే కొన్ని దృశ్యాలు స్పష్టంగా, కొన్ని మసగ్గా ఉంటే తప్పు ఆ క్లిప్పులది. అవి చెల్లి పంపినవా చూడండి. కాకపోతే, అడ్డంగా తీసినవా చూడండి. 1080pలో అడ్డంగా తీసిన క్లిప్పు ఎత్తు 1080 చుక్కలే. దాన్ని 1920 ఎత్తున్న నిలువు తెర నిండేలా లాగితే దాదాపు 1.8 రెట్లు సాగదీసినట్టు. అలాంటిదాన్ని తెర నిండా పెట్టకుండా మధ్యలో పట్టీలా ఉంచి, పైన క్యాప్షన్ వేసుకోండి. రోలు దగ్గర తీసింది అలాంటిదే అయి ఉంటే, ఆ ఒక్క దృశ్యం మళ్లీ నిలువుగా తీసుకోవడం ఇంకా నయం. రోలు ఎక్కడికీ పోదు కదా.

అమ్మగారి మాట కొత్తగా రికార్డు చేశాక మొదటి పది సెకన్లు మాత్రం ఎక్స్‌పోర్ట్ చేసి ఇక్కడ పెట్టండి. మ్యూజిక్ వేయకముందే పెట్టండి, మట్టం ఎలా ఉందో విని చెబుతాను.